దిద్దిన తరువాత కూడా అదే మాటేనా?

ఇంగ్లీషులో ఉన్న ఒక పేరాను తెలుగులోకి తెచ్చామనుకుందాం. తెచ్చినవాళ్ల తెలుగు కొంచెం మొరటుగా ఉంది. తెలుగు బాగా వచ్చిన పెద్దాయన ఒకరు దాన్ని దిద్దారు. ఇప్పుడది చదవడానికి హాయిగా ఉంది, ఎక్కడా నాలుక తట్టుకోదు. అయితే అది ఇంగ్లీషు చెప్పిన మాటే చెబుతోందా? చెప్పకపోతే తప్పు ఎవరిది? దిద్దిన ఆయన అబద్ధం ఆడలేదు. అనువదించినతను తెచ్చినది సరిగ్గానే తెచ్చాడు. ఇద్దరూ మంచివాళ్లే, పని కూడా మనసు పెట్టి చేశారు. అయినా కాగితం మీద మిగిలింది ఎవరూ అనని మాట. ఈ వ్యాసంలో నేను పట్టుకున్న చిక్కు ఇదే.

మనవాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. ఎరుకల ఇంట్లో, సుగాలి తండాలో పుట్టిన పిల్లలకు తెలుగే బడికి వచ్చాక నేర్చుకున్న భాష. ఇంగ్లీషు ఆ పైన ఇంకొక గడప. చట్టం రెండో గడప అవతల ఉంటుంది. మనకు అందేది మొదటి గడప ఇవతలికి వచ్చిన తెలుగు. అది మారిపోయినా మారిందని మనకు తెలిసే దారి లేదు. ఆఫీసులో అధికారి తెరిచేది ఇంగ్లీషు పుస్తకం. మన చేతిలో ఉన్న తెలుగు కరపత్రం అక్కడ చెల్లదు.

నేను తీసుకున్న పేరా 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టంలోది. నాలుగో సెక్షన్‌లో 4, 5 ఉపసెక్షన్లు, 6లో చివరి సగం. కడప జిల్లాలో అడవి అంచున బతికే యానాదులకు, సుగాలీలకు, ఎరుకలవాళ్లకు చదివి వినిపించడానికి ఒక చిన్న పుస్తకం వేయాలనుకున్నారు. ఇంగ్లీషు నుంచి తెచ్చినది జమ్మలమడుగులో ఉండే ఒక కుర్ర టీచరు. భాష దిద్దినది ప్రొద్దుటూరులో ఉండే రిటైరైన తెలుగు పండితులు ఒకరు. అచ్చుకు పోయే ముందు రెండూ పోల్చి చూడమని పులివెందులలో ఉన్న నా దగ్గరికి పంపారు.

కుర్రాయన తెలుగు ఇలా ఉంది:

‘ఈ హక్కు వారసత్వంగా సంక్రమించును. కానీ దీనిని అన్యాక్రాంతం చేయుటకు గానీ బదిలీ చేయుటకు గానీ వీలులేదు. వివాహితులైనచో భార్యాభర్తలిరువురి పేర ఉమ్మడిగాను, ఒంటరి వ్యక్తి కుటుంబ పెద్దగా ఉన్నచో ఆ వ్యక్తి పేరను నమోదు చేయవలెను. నేరుగా వారసులు లేనిచో దగ్గరి బంధువుకు సంక్రమించును. వేరే విధముగా చెప్పిన చోట తప్ప, గుర్తింపు, పరిశీలన ప్రక్రియ పూర్తగునంతవరకు ఏ అటవీ నివాసినీ తన అనుభవంలోని అటవీ భూమి నుండి ఖాళీ చేయించరాదు, తొలగించరాదు. హక్కు వాస్తవంగా అనుభవంలో ఉన్న విస్తీర్ణానికే పరిమితము, ఎట్టి పరిస్థితిలోనూ నాలుగు హెక్టార్లకు మించరాదు.’

పండితులవారు దిద్దాక:

‘ఈ హక్కు తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది. అమ్ముకోవడానికి వీల్లేదు. పెళ్లయినవారైతే పట్టాలో భార్య పేరు కూడా చేర్చవచ్చు. విచారణ జరుగుతుండగా సాగుదారును భూమి నుంచి తొలగించరు. సాగులో ఉన్న కుటుంబానికి పది ఎకరాల వరకు భూమి ఇస్తారు.’

రెండోది ఎంత సులువుగా ఉందో చూడండి. బడి ముఖం కొంచెం చూసినవాళ్లకైనా అర్థమవుతుంది. మొదటిది గెజిట్ లాగా ఉంది. పండితులవారి వాదన ఒకటే: ‘అర్థం కాని తెలుగు తెలుగే కాదు సారూ. అన్యాక్రాంతం అంటే తండాలో ఎవరికి తెలుస్తుంది?’ ఆ మాటను కాదనలేం. అందుకే వెనక్కు పోయి మొరటు తెలుగునే అచ్చు వేయడం జవాబు కాదు. ఆయన తెలుగులోనే ఉంటూ, జారిపోయింది ఏదో పట్టుకోవాలి.

పట్టుకోవడానికి ముందు రెండు తెలుగులనూ పక్కన పెట్టేశాను. ఇది ముఖ్యం. తెలుగు ముందు చదివితే, ఇంగ్లీషు చదివేటప్పుడు ఆ తెలుగే దానిలో కనిపిస్తుంది. కాబట్టి ముందుగా ఇంగ్లీషు ఒక్కటే తీసుకుని, అది ఎన్ని విడివిడి మాటలు చెబుతోందో ఒక కాగితం మీద వరస వేశాను. ఎవరు, ఎవరిని, ఏం చేయాలి, చేయకూడదు, లేక చేయవచ్చు, ఎప్పటిదాకా, ఎంతమేరకు. వాక్యాలు కొన్నే కానీ మాటలు పదకొండు తేలాయి. హక్కు వారసులకు వస్తుంది. ఇతరుల పరం చేయరాదు. బదిలీ చేయరాదు. దంపతులకు జంటగా నమోదు. ఒంటరి పెద్దకు ఆ ఒక్కరి పేర నమోదు. నేరు వారసులు లేకపోతే దగ్గరి బంధువుకు. తొలగించరాదు. పని పూర్తయ్యేవరకు. వేరుగా చెప్పిన చోట తప్ప. నిజంగా అనుభవంలో ఉన్నంత మేరకే. నాలుగు హెక్టార్లు దాటరాదు.

కుర్రాయన తెలుగులో పదకొండూ ఉన్నాయి. పండితులవారి తెలుగులో వెతికితే చెక్కు చెదరకుండా ఉన్నది ఒక్కటీ లేదు. కొన్ని మాయమయ్యాయి, కొన్ని మారాయి. మాయమైనవి సులువుగా దొరుకుతాయి, వరసలో ఎదురుగా ఖాళీ కనిపిస్తుంది. ఒంటరి పెద్ద మాట పోయింది, అంటే భర్త చనిపోయిన ఆడమనిషి ఈ పేరాలో తనను తాను చూసుకోలేదు. దగ్గరి బంధువు పోయాడు. మినహాయింపు పోయింది. నిజంగా దొంగలా దాక్కునేవి మారినవి. ఎందుకంటే ఎదురుగా ఏదో ఒక వాక్యం ఉంటుంది, చూపు దాని మీదుగా జారిపోతుంది.

‘తొలగించరు’ తీసుకోండి. ఇంగ్లీషులో ఉన్నది ‘షల్’తో కూడిన నిషేధం, అధికారి చేతులు కట్టేసే మాట. తెలుగులో ‘తొలగించరాదు’ అంటేనే అది వస్తుంది. ‘తొలగించరు’ అంటే జరగబోయేదాని గురించి ఒక కబురు, లేదా ఒక భరోసా. ‘వాన పడదులే’ అన్నట్టు. రేపు తొలగిస్తే, ‘తొలగించరు’ అన్నవాళ్ల అంచనా తప్పింది అంతే. ‘తొలగించరాదు’ ఉన్న చోట తొలగిస్తే చట్టం తప్పింది. మధ్యలో ఉన్నది ‘-రాదు’ అనే రెండక్షరాలు. పండితులవారు వాటిని తీసేసింది కఠినంగా వినిపిస్తున్నాయని. కానీ ఆ కఠినత్వం భాషది కాదు, చట్టానిది.

‘చేర్చవచ్చు’ కూడా అదే జాతి. ఇంగ్లీషు ‘షల్’ అంటే ‘చేయాలి’, ‘మే’ అంటే ‘చేయవచ్చు’. ఇక్కడున్నది ‘షల్’. భార్యాభర్తలిద్దరూ జంటగా హక్కుదారులు. ‘భార్య పేరు కూడా చేర్చవచ్చు’ అన్నప్పుడు రెండు పనులు జరిగాయి: తప్పనిసరి అన్నది ఇష్టమైంది, జంట అన్నది మొగుడి పట్టాకు తోకైంది. దీని వెంటే ‘తండ్రి నుంచి కొడుకుకు’ వచ్చి కూర్చుంది. ఇంగ్లీషులో కొడుకు అన్న మాటే లేదు. దిద్దేవాళ్ల మనసులో ఉన్న ఊరి ఆచారం కలం లోంచి దిగింది. ‘హిజ్’ అన్న మాట చూసి అది మగవాళ్ల సంగతే అనుకునేవాళ్లూ ఉన్నారు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం, సందర్భం అడ్డు చెబితే తప్ప, కేంద్ర చట్టాల్లో పుంలింగం స్త్రీలకూ వర్తిస్తుంది. తెలుగులో ‘తన’ అనే మంచి మాట ఉంది, ఆడామగా ఇద్దరికీ చెల్లుతుంది. కుర్రాయన అదే వాడాడు.

‘జరుగుతుండగా’ అన్నది మరీ మెత్తని జారుడు. ఇంగ్లీషులో ఉన్నది ‘టిల్’, పూర్తయ్యేవరకు. దరఖాస్తు పెట్టి రెండేళ్లయింది, ఫైలు బల్ల మీద కదలకుండా ఉంది, విచారణకు ఎవరూ రాలేదు. విచారణ ‘జరుగుతున్నట్టా’? లేదనే అంటారు. కానీ ‘పూర్తయిందా’ అంటే కాలేదు. ఇంగ్లీషు ప్రకారం ఆ కుటుంబానికి రక్షణ ఉంది. దిద్దిన తెలుగు ప్రకారం లేదు. మనవాళ్ల దరఖాస్తుల్లో ఇలా పడి ఉండేవి తక్కువేం కాదు, కాబట్టి ఇది మాటల పట్టింపు కాదు.

ఇక పది ఎకరాలు. నాలుగు హెక్టార్లంటే 9 ఎకరాల 88 సెంట్లు. పన్నెండు సెంట్లు పెరిగింది, సరే, అది చిన్నది. పెద్దది ఏమిటంటే ఇంగ్లీషులో ఉన్నది పైకప్పు. నీ అనుభవంలో ఎకరాన్నర ఉంటే నీ హక్కు ఎకరాన్నరకే. పదిహేను ఎకరాలున్నా నాలుగు హెక్టార్ల దగ్గర ఆగిపోతుంది. ‘పది ఎకరాల వరకు ఇస్తారు’ అంటే పైకప్పు కాస్తా పళ్లెమైంది. ఈ చట్టం భూమి పంచేది కాదు, ఉన్న అనుభవాన్ని గుర్తించేది. పది ఎకరాలు వస్తాయని నమ్మి కొత్తగా చెట్లు కొట్టిన కుటుంబం కేసులో ఇరుక్కుంటుంది, నేరం మోపేటప్పుడు కరపత్రం ఎవరూ చూడరు.

ఇక్కడ తత్వం తెలిసినవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. ఒక భాషలో మాట ఇంకొక భాషలో అచ్చంగా అదే ఎప్పుడైనా అవుతుందా? ‘అచ్చంగా’ అనేది కలే కదా, ఆ కల కోసం పండితుణ్ణి తప్పు పట్టడం న్యాయమా? మాట రుచి, ధ్వని, దాని వెనకున్న పాత వాసన, ఇవి దాటి రావని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఈ రకం పేరాకు అచ్చంగా అంటే అంత పెద్ద అర్థం అక్కర్లేదు. ఒక కుటుంబం తెలుగు చదివి దాని ప్రకారం నడిచింది. ఒక అధికారి ఇంగ్లీషు చదివి దాని ప్రకారం నడిచాడు. ఇద్దరూ ఎక్కడైనా ఢీకొంటారా? కొనకపోతే అదే మాట. కొంటే, ఎంత అందంగా ఉన్నా, వేరే మాట. ఈ కొలత పెట్టుకుంటే పండితులవారి స్వేచ్ఛ కూడా తేలుతుంది. ‘సంక్రమించును’ను ‘వస్తుంది’ చేస్తే ఎవరూ ఢీకొనరు, చేయనివ్వండి. ‘వారసులు’ను ‘కొడుకు’ చేస్తే కూతురు ఢీకొంటుంది.

పాతకాలంలో ఊళ్లో చాటింపు వేసే తలారి ఉండేవాడు. తప్పెట ఎలా కొట్టాలో, ఏ వీధి మలుపులో గొంతెత్తాలో అతని ఇష్టం. శిస్తు కట్టే తేదీ మాత్రం అతని ఇష్టం కాదు. ‘ఈ తేదీ జనానికి కష్టం, నాలుగు రోజులు కలిపి చెబుదాం’ అని దయతో అనుకున్నా సరే, ఊరు దండుగ కడుతుంది.

మాటల తేడా ఎంత దూరం పోగలదో న్యూజిలాండ్ ఆదివాసులు మావోరీలను అడగాలి. 1840 ఫిబ్రవరి 4 రాత్రి హెన్రీ విలియమ్స్ అనే మిషనరీ, ఆయన కొడుకు ఎడ్వర్డ్ కలిసి వైతాంగి ఒప్పందాన్ని ఇంగ్లీషు నుంచి మావోరీలోకి తెచ్చారు. 6వ తేదీన సంతకాలు మొదలయ్యాయి. ఇంగ్లీషులో మావోరీ పెద్దలు సార్వభౌమాధికారాన్ని రాణికి వదులుకుంటున్నట్టు ఉంది. మావోరీలో ‘కావనతంగ’ అని ఉంది, అది గవర్నరు పాలన అన్న అర్థానికి దగ్గర. తరువాతి భాగంలోనే తమ భూములపై పెద్దరికం తమకే ఉంటుందని మావోరీలో రాసి ఉంది. రెండు పాఠాల తేడా తేల్చే బాధ్యతతో అక్కడ ఒక ట్రిబ్యునల్ 1975లో వచ్చింది. ఒకే రాత్రి పని మీద నూట ముప్పై ఐదేళ్ల తరువాత కూర్చున్నారు.

మళ్లీ మన పేరాకు వద్దాం. వరస వేసి పోల్చడం ఒక పరీక్ష. దాంతోనే సరిపోదు, ఎందుకంటే పోల్చేది ఇంగ్లీషు తెలిసిన నేను, తెలుగులో లేనిది కూడా నా మనసు నింపేస్తుంది. అందుకే రెండో పరీక్ష: ఇంగ్లీషు చూడని, చట్టం వినని మనిషి చేత తెలుగు చదివించడం. మా వీధిలో పొదుపు సంఘం లెక్కలు రాసే ఒక అక్కకు దిద్దిన పేరా ఇచ్చాను. ‘అర్థమైందా అక్కా’ అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. ‘ఏం చెప్పిందో చెప్పు’ అన్నా చాలదు, ఉన్న మాటలే తిప్పి చెబుతారు. బతుకులో ఎదురయ్యే సంగతులు కల్పించి అడగాలి.

‘ఈ భూమిని సేటు దగ్గర తాకట్టు పెట్టుకోవచ్చా అక్కా?’

‘పెట్టుకోవచ్చు కదా తమ్ముడూ. అమ్మకూడదనే కదా ఉండేది. తాకట్టు అమ్మకం ఎట్లవుతుంది?’

అక్క చదివింది తప్పేమీ కాదు. కాగితం అదే చెప్పింది. ఇంగ్లీషులో ఉన్న ‘నాట్ ఏలియనబుల్ ఆర్ ట్రాన్స్‌ఫరబుల్’ అనే మాటల్లో అమ్మకం, తాకట్టు, దానం అన్నీ వస్తాయి. పండితులవారు అన్నింట్లోకి అందరికీ తెలిసిన దాన్ని ఒక్కటే తీశారు. అప్పులిచ్చేవాళ్ల చేతికి భూమి పోకుండా పెట్టిన అడ్డం, ఆ అప్పులిచ్చేవాళ్ల ముందే తెరుచుకుంది. వరస వేసేటప్పుడు నాకు ఇది తెలిసిందే, కానీ అక్క జవాబు వినేదాకా ఇంత బరువుగా తెలియలేదు.

అదే అక్కకు కుర్రాయన మొరటు తెలుగు కూడా ఇచ్చాను. రెండు లైన్లు చదివి పక్కన పెట్టింది. కాబట్టి రెండు పరీక్షలూ కలిసే ఉండాలి. ఇంగ్లీషుతో పోల్చే పరీక్ష ఒక్కటే పెట్టుకుంటే మొరటు తెలుగు నూటికి నూరు మార్కులతో పాసవుతుంది, తండాలో ఎవరికీ పనికిరాదు. చదివించే పరీక్ష ఒక్కటే పెట్టుకుంటే దిద్దిన తెలుగు పాసవుతుంది, తప్పుదారిలో నడిపిస్తుంది.

ఆ తరువాత పేరాను పండితులవారి మాటల్లోనే ఉంచి, జారిన చోట మాత్రం కట్టాం. ‘మాం’ అంటున్నాను, ఎందుకంటే నేను ఒక్కణ్ణే మార్చి అచ్చుకు పంపడం సరికాదు. అలా చేస్తే ఆయనను ఎవరు చూడలేదో నన్నూ అలాగే ఎవరూ చూడరు. వరస కాగితం తీసుకుని ప్రొద్దుటూరు పోయాను. ఆయన ముందు కొంచెం నొచ్చుకున్నారు, తాకట్టు సంగతి చెప్పగానే కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నారు. చివరికి తేలినది:

‘ఈ హక్కు వారసులకు వస్తుంది. దీన్ని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, దానం ఇవ్వరాదు, మరే విధంగానూ ఇతరుల పరం చేయరాదు. పెళ్లయినవారైతే భార్యాభర్తలిద్దరి పేరునా జంటగా నమోదు చేయాలి. ఇంటిపెద్ద ఒంటరి అయితే, ఆడవారైనా మగవారైనా, ఆ ఒక్కరి పేరున నమోదు చేయాలి. నేరు వారసులు లేకపోతే హక్కు దగ్గరి బంధువుకు పోతుంది. హక్కును పరిశీలించి గుర్తించే పని పూర్తయ్యేవరకు ఏ అటవీ నివాసినీ తన అనుభవంలో ఉన్న అటవీ భూమి నుంచి ఖాళీ చేయించరాదు, తొలగించరాదు, చట్టంలో వేరుగా చెప్పిన చోట తప్ప. నిజంగా ఎంత భూమి అనుభవంలో ఉందో అంతకే హక్కు. అది ఎక్కువ ఉన్నా నాలుగు హెక్టార్లు, అంటే సుమారు 9 ఎకరాల 88 సెంట్లు దాటరాదు.’

‘మరే విధంగానూ’ ఆయనే పెట్టారు. అమ్మకం, తాకట్టు, దానం అని ఊరికే మూడు చెబితే నాలుగోది చేయవచ్చని అర్థమొస్తుందని ఆయనకే తట్టింది. దీనికి ముందు నేను రాసుకుపోయిన దాంట్లో ‘సాగుదారు’ అలాగే ఉండింది, దాన్ని కూడా ఆయనే కొట్టేశారు. అనుభవంలో ఉన్న భూమి సాగుదే కానక్కర్లేదు, గుడిసె వేసుకున్నదీ కావచ్చు. చట్టం మూడో సెక్షన్ నివాసం కోసమైనా, సొంత సాగు కోసమైనా అంటుంది. సవరించిన పేరాను మళ్లీ అక్క చేత చదివించాం, తాకట్టు ప్రశ్న మళ్లీ అడిగాం. సవరణ కూడా ఒక దిద్దుబాటే కదా, అది ఇంకొక చోట జార్చి ఉండవచ్చు.

ఒక చోట మాత్రం మేం కావాలనే తేల్చకుండా వదిలేశాం. పేరాకు ముందు, అటవీ నివాసి అంటే ఎవరో చెప్పే వాక్యం ఒకటుంది. ఇంగ్లీషులో ‘ప్రైమరిలీ రిసైడ్ ఇన్’ అని ఉంది. ప్రధానంగా అడవిలో నివసిస్తూ దాని మీద ఆధారపడేవారు అని కుర్రాయన రాశాడు. పండితులవారు ‘అడవి లోపల ఇల్లు కట్టుకుని బతికేవారు’ అని తేట చేశారు. తేటగా ఉంది, కానీ ఇంగ్లీషులో అంత తేట లేదు. గుడిసె అడవి అంచున, బతుకు అడవిలో ఉన్నవాళ్ల సంగతి ఏమిటి? లంకమల అంచున మేకలు తోలే యానాదులు, కట్టెలకు, తేనెకు పోయేవాళ్లు అందరూ ఆ మసకలోనే ఉన్నారు. మూలంలో రెండర్థాలకు చోటున్నప్పుడు ఒకదాన్ని మూసే అధికారం అనువదించినవాళ్లకు లేదు, దిద్దినవాళ్లకు లేదు, సరిచూసేవాళ్లకూ లేదు. మసక ఉంటే మసకే రావాలి. ఇల్లు అడవి లోపలే ఉండనక్కర్లేదని, బతుకు కోసం అడవి మీద ఆధారపడి అక్కడ పనులు చేసుకునేవారూ దీని కిందికే వస్తారని గిరిజన మంత్రిత్వ శాఖ 2008లో వివరణ ఇచ్చింది. ఆ వివరణను పేరాలో కలపకుండా, పేరా కింద వేరుగా, ఇది మంత్రిత్వ శాఖ మాట అని చెప్పి అచ్చు వేశాం.